చేతి పక్కన టేపు

నా కుట్టుమిషనుకీ కోనక్క బల్లకీ మధ్య ఒక ప్లైవుడ్ చెక్క అడ్డం ఉండేది. దాని ఎత్తు భుజం దాకానే. నిలబడితే ఒకళ్ళ మొహం ఒకళ్ళకి కనబడుతుంది, కూచుంటే మాట మాత్రమే వినబడుతుంది. అలా పద్నాలుగేళ్ళు పక్కపక్కన పనిచేశాం. నేను పెళ్ళికూతుళ్ళ జాకెట్లు కుట్టేవాణ్ణి, ఆమె వాళ్ళ చేతులకి మెహందీ పెట్టేది. ఎప్పుడు చూసినా చేతిలో కోను ఉండేది కాబట్టి అందరికీ కోనక్క అయింది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడేది కాదు.

ఆమె ఈ పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చిన్నతనంలో ఒక ఎంబ్రాయిడరీ షాపులో ట్రేసింగ్ కాగితాలకి సూదితో బెజ్జాలు పొడిచే పని చేసింది. రోజుకి పదిగంటలు, గీత మీద బెజ్జం, బెజ్జం పక్కన బెజ్జం. గీత ఎక్కడ మలుపు తిరిగితే బాగుంటుందో, ఎక్కడ ఆగకపోతే చెడుతుందో అక్కడే పట్టుబడిందట. తర్వాత పూలు చుట్టే ప్లాస్టిక్ కాగితంతో కోన్లు చుట్టుకుని, కిటికీ అద్దం మీద గీసుకుంటూ, తుడుచుకుంటూ నేర్చుకుంది. నేనూ అలాగే ఒకరి పాత జాకెట్లు విప్పి మళ్ళీ కుట్టి నేర్చుకున్నవాణ్ణి. అందుకే ఆమె నోరు ఎలాంటిదైనా చెయ్యంటే నాకు గౌరవం.

ఆ నోరు గురించి కూడా చెప్పాలి. పెళ్ళికూతుళ్ళు ఫోనులో ఏదో బొమ్మ చూపించి "ఇదే కావాలి" అంటే కోనక్క ముందు బొమ్మ చూసేది కాదు, చెయ్యి చూసేది.

"ఇది ఆ పిల్ల చేతికి కుదిరింది. నీ అరచెయ్యి అప్పడాల పీటలా ఉంది. ఇందులో ఇంత గుండ్రటి చక్రం పెడితే పీట మీద ఇంకో పీట పెట్టినట్టు ఉంటుంది. నిలువుగా ఒక ఆకు వేస్తాను, ఇష్టమైతే కూచో."

ఏడ్చినవాళ్ళు ఉన్నారు. లేచి వెళ్ళిపోయినవాళ్ళు మాత్రం తక్కువ. ఎందుకంటే ఆ నిలువాకు వేశాక ఆ చెయ్యి నిజంగానే సన్నగా కనబడేది.

రెండేళ్ళ క్రితం ఆమె కుడి మణికట్టు పోయింది. లోపల నరం నొక్కుకుపోయిందన్నారు డాక్టర్లు. ఆపరేషన్ చేసినా చూపుడువేలికి స్పర్శ తిరిగి రాలేదు. కోను నొక్కితే గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం. ఒక వారం చూసింది, రెండు వారాలు చూసింది. మూడో వారం తను గీసిన గీతని తనే గుడ్డతో తుడిచేసి, ఇక కోను ముట్టనంది.

అప్పట్నుంచి ఆమెకి మిగిలింది మాట ఒక్కటే. ఫలానా చేతికి, ఫలానా స్లీవుకి ఏ డిజైన్ నప్పుతుందో చెప్పడం. గీసేవాళ్ళు వేరే, చెప్పేది కోనక్క. ఊళ్ళో నాలుగైదు పార్లర్లవాళ్ళు, నాలాంటి టైలర్లు ఇద్దరు ముగ్గురు ఫోటోలు పంపేవాళ్ళం. "కోనక్క చెప్పింది" అంటే పెళ్ళికూతురి తల్లి మారు మాట్లాడేది కాదు. ఆ రెండు మాటల మీదే ఆమె బతుకు నడిచింది. అవి పోతే ఆ బల్ల ముందు ఆమె కూచోవడానికి కారణమే లేదు. ఈ సంగతి ఆమెకి నాకంటే బాగా తెలుసు.

ఫోటో తియ్యడానికి ఆమె నియమాలు ఆమెవి. జాకెట్ ట్రయల్ రోజున స్లీవుతో సహా చెయ్యి కిందికి వేలాడేసి ఒకటి, బల్ల మీద బోర్లా పెట్టి ఒకటి, వెల్లకిలా పెట్టి ఒకటి. ఫోను చేతికి నిటారుగా పైన ఉండాలి, మూరెడు ఎత్తు తగ్గకూడదు. చేతి పక్కన తప్పనిసరిగా నా కొలతల టేపు పరచాలి. ఒకసారి ఎవరో ఫోను దగ్గరగా పెట్టి తీస్తే వేళ్ళు ఉన్నదానికంటే బారుగా పడ్డాయి. డిజైన్ చెప్పాక అసలు చేతి మీద అది కుదరలేదు. అప్పట్నుంచి టేపు లేని ఫోటో చూసేది కాదు. "ఫోటో అబద్ధం చెప్తుంది, టేపు చెప్పదు" అని ప్రతివాడికీ అదే పాఠం.

ఆమె దగ్గర నేర్చుకున్న పిల్లలు చాలామంది. ప్రతి పిల్లకీ మొదటిరోజే చెయ్యి చూసి ఒక పేరు తగిలించేది. ఒకతి కొంకిగోరు, ఇంకొకతి చెమటచెయ్యి. అందరిలోకీ ఎక్కువకాలం ఉన్న పిల్ల పేరు పొట్టివేళ్ళు.

ఆ పిల్ల వచ్చిన రోజు నాకు గుర్తుంది. పంతొమ్మిదేళ్ళు ఉంటాయేమో. కోనక్క చెయ్యి చాపమంది, తిప్పి చూసింది.

"ఇవి వేళ్ళా, అరిగిపోయిన చాక్‌పీసు ముక్కలా? టైలరూ, నీ బల్ల మీంచి ఏమైనా పడిపోయాయేమో చూసుకో."

నేను నవ్వాను. ఆ పిల్ల కూడా నవ్వింది, కొత్తచోట అందరూ నవ్వుతుంటే నవ్వాలి కాబట్టి.

ఆరేళ్ళు ఉంది. పొద్దున్నే వచ్చి మెహందీ పొడి జల్లెడ పట్టేది, కోన్లు చుట్టేది, మిగతా టైమంతా అద్దం మీద గీసేది. బాగుంటే కోనక్క ఏమీ అనేది కాదు. బాగోకపోతే మోచేత్తో తుడిచేసి అటు వెళ్ళిపోయేది. ఎక్కడ తప్పిందో చెప్పేది కాదు. ఆ పిల్ల తుడిచేసిన మరక వైపే చూస్తూ ఎక్కడ తప్పిందో వెతుక్కునేది. మెల్లగా ఆ గీత సన్నబడింది. కోనక్క గీత కంటే సన్నబడింది. చెక్క పైనుంచి చూసినవాణ్ణి, నాకు తెలుసు.

కోనక్కకి మణికట్టు నొప్పి మొదలైన రోజుల్లో ఒక పెళ్ళికూతురు, "ఆ చిన్నమ్మాయి చేత వేయించండి, ఆమె గీత బాగుంది" అంది. మాటవరసకి అన్నది. కోనక్క చేతిలో కోను కింద పెట్టి నెమ్మదిగా అడిగింది.

"ఎవరిది? పొట్టివేళ్ళదా? గీత సరే, దాని చెయ్యి చూశావా? దాని పెళ్ళికి మెహందీ అక్కర్లేదు. టైలరుతో చెప్పి గ్లౌజులు కుట్టిస్తాను. ఏం టైలరూ, మోచేతి దాకా కుడతావా?"

"లైనింగ్ వేసి కుడతాను" అన్నాను నేను.

గదిలో అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. ఆ రోజు పని అంతా చేసింది, గిన్నెలు కడిగింది, నేల తుడిచింది, మర్నాడు రాలేదు. రెండు వీధుల అవతల ఒక పార్లర్లో చేరిందని తర్వాత తెలిసింది. అది తెలిశాక కోనక్క ఆ పిల్ల గీసుకునే అద్దం ముక్కని బయట డ్రమ్ములో పారేసింది.

ఇదంతా జరిగిన ఏడాదిన్నరకి ఒక మంగళవారం ఆ పిల్ల నా దగ్గరకి వచ్చింది. మంగళవారాలు కోనక్క మణికట్టు చూపించుకోవడానికి ఆస్పత్రికి వెళ్ళేది. ఆ సంగతి తెలిసే వచ్చింది. రెండు వారాల ముందు ఇలాగే వచ్చి జాకెట్ గుడ్డ ఇచ్చి వెళ్ళింది, ఇప్పుడు ట్రయలు. మోచేతి దాకా స్లీవు, అంచుకి అర్ధచంద్రాలుగా కత్తిరించిన బరువైన జరీ పని. వేసుకుని బయటకొచ్చి చెయ్యి కిందికి దించి నిలబడింది.

"ఫోటో తియ్యన్నా. మూడూ తియ్యి."

"దేనికి?"

"అక్కకి చూపించడానికి."

నేను పిన్నులు నోట్లోంచి తీసి చూశాను. "నీ పెళ్ళికి నువ్వు ఆమెని అడుగుతావా?"

"నేను అడగడం లేదు, నువ్వు అడుగుతావు. కస్టమరని చెప్పు. ఎవరి చెయ్యో చెప్పొద్దు."

"నువ్వు మాత్రం తక్కువదానివా? మీ పార్లర్లో రోజూ ఇదే కదా నీ పని."

ఆ పిల్ల బల్ల మీద చెయ్యి పెట్టింది. టేపు తనే తీసి పక్కన పరిచింది, సున్నా అంకె మణికట్టు గీతకి ఆనించి.

"ఎవరి చెయ్యయినా చెప్తానన్నా. ఇది చూస్తే మాత్రం నాకు చెయ్యి కనబడదు. చాక్‌పీసు ముక్కలే కనబడతాయి. అక్క నోరు చెడ్డదే. కన్ను మాత్రం అబద్ధం చెప్పదు. ఒక్కరోజు బాగుండాలి నా చేతులు. ఆ ఒక్కరోజుకి ఆమె కన్ను కావాలి."

తీశాను. టేపు మీద నడిమివేలి చివర ఎక్కడ ఆగిందో అంకెతో సహా స్పష్టంగా పడింది.

బుధవారం ఫోను చెక్క పైనుంచి కోనక్కకి అందించాను. మామూలుగా ఆమె ఒక ఫోటోకి తీసుకునే సమయం నేను సూదిలో దారం ఎక్కించేంత. ఆ రోజు మిషను ఆపి చూశాను, ఇంకా చూస్తోంది. రెండు వేళ్ళతో పెద్దది చేసింది, చిన్నది చేసింది. చూపుడువేలి పక్కన కోను నొక్కీ నొక్కీ కాసిన కాయ దగ్గర ఆగింది. అలాంటి కాయ ఆమె వేలికీ ఉంది.

"ఎవరిది?"

"కస్టమరు."

"కొత్తా?"

"ఆఁ."

"పెళ్ళెప్పుడు?"

"ఆదివారం. మెహందీ గురువారం సాయంత్రం."

"రాసుకో."

ఎప్పటిలా నేను చీటీ తీసి రాసుకున్నాను. ఆ చీటీని జాకెట్ కవరుకి పిన్ను పెట్టి ఇస్తాను, గీసేవాళ్ళు అది చూసి గీస్తారు. ఆమె గొంతు ఏమాత్రం మారలేదు.

"వేళ్ళ చివర్లు మొత్తం నింపెయ్యమను, గోరు కింద నుంచి మొదటి గణుపు దాకా. తర్వాత ప్రతి వేలికీ మూడు అడ్డపట్టీలు, లావుగా. అరచేతిలో గుండ్రటి చక్రం, పెద్దది. చేతి వెనకా అదే చక్రం. మణికట్టుకి వెడల్పాటి కడియం. మోచేతి దగ్గర ఇంకో కడియం, స్లీవు అంచుని ఆనుకుని."

నా పెన్ను అక్కడ ఆగింది. పద్నాలుగేళ్ళలో చెక్క అవతల నుంచి ఏ మాటలు విన్నానో అవన్నీ గుర్తొచ్చాయి. పొట్టి వేలికి చివర నింపితే వేలు అక్కడే తెగినట్టు కనబడుతుంది, సన్నటి తీగని నిలువునా నడిపించి రెండు పక్కలా చర్మం వదలాలి. అడ్డపట్టీలు బారు వేళ్ళకి. వెడల్పు చేతికి చక్రం పనికిరాదు. ఇవన్నీ ఆమె చెప్పినవే. స్లీవు సంగతి నా పని.

"ఆనుకునా అక్కా? చెయ్యి మడిస్తే స్లీవు అంగుళం పైకి పోతుంది. కడియానికీ అంచుకీ మధ్య ఖాళీ పడుతుంది. చెయ్యి దించితే రెండూ కలిసిపోతాయి. పైగా మోచేతి దగ్గర రంగు సరిగ్గా పట్టదని నువ్వే అంటావు."

కోనక్క లేచి నిలబడింది. చెక్క పైన ఆమె మొహం కనబడింది.

"నువ్వు కత్తెర పట్టుకో. అది నీ పని."

రాశాను. ఆ రాసింది నా చేతిరాతే.

సాయంత్రం ఆ పిల్ల వీధి చివరికి వచ్చి చీటీ తీసుకుంది. ఒకసారి చదివింది, మళ్ళీ చదివింది.

"నీ మాటలేమీ కలపలేదు కదా?"

"అక్షరం కూడా కలపలేదు."

"ఫోటో ఎంతసేపు చూసింది?"

నేను అబద్ధం చెప్పి ఉండొచ్చు. "చాలాసేపు" అన్నాను.

ఆ పిల్ల చీటీని నాలుగు మడతలు పెట్టింది. మొహంలో కోపమేమీ లేదు. ఎవరో పిలుస్తారనుకుని నిలబడ్డచోట ఇక పిలవరని తెలిసిన మనిషిలా ఉంది.

"మార్చుకో. ఇలాగే వేయించుకోవాలని రూలేమీ లేదు. ఎవరు చూడొచ్చారు" అన్నాను.

"మార్చనన్నా. శనివారం జాకెట్‌కి వస్తాను. షాపు ఎప్పుడు నిండుగా ఉంటుంది?"

"పదకొండింటికి."

ఎందుకడిగిందో అప్పుడు నాకు తట్టలేదు.

శనివారం పదకొండింటికి కోనక్క బల్ల ముందు ముగ్గురు ఉన్నారు. ఆమెకి అందరికంటే ఎక్కువ ఫోటోలు పంపే పెద్ద పార్లరు ఆవిడ ఒకరు, ఇంకో పెళ్ళికూతురూ ఆమె తల్లీ. పార్లరు ఆవిడ ఫోనులో ఏవో చేతులు చూపిస్తోంది. పొట్టివేళ్ళు తలుపు తోసుకుని వచ్చి, ఎవరినీ పలకరించకుండా నా దగ్గర జాకెట్ తీసుకుని కర్టెన్ వెనక్కి వెళ్ళింది. వేసుకుని బయటికొచ్చి నేరుగా కోనక్క బల్ల దగ్గరికి పోయి, రెండు చేతులూ ఫోటోకి పెట్టినట్టే బల్ల మీద పెట్టింది. ముందు బోర్లా, తర్వాత వెల్లకిలా.

మెహందీ పెట్టి రెండు రాత్రులు గడిచాయి కాబట్టి అరచేతిలో రంగు నల్లగా పండింది. నిండిన వేళ్ళ చివర్లు మొండిగా ఉన్నాయి. మూడేసి పట్టీలతో ఒక్కో వేలూ ముక్కలు ముక్కలుగా కోసినట్టుంది. చక్రం అరచేతిని ఇంకా వెడల్పు చేసింది. మోచేతి దగ్గర చర్మానికి రంగు పట్టక అక్కడి కడియం వెలిసిన నారింజ రంగులో ఉంది. జరీ అర్ధచంద్రాలు దాని మీద పడి కరుస్తున్నాయి. గీత మాత్రం ఎక్కడా వంకర పోలేదు. గీసిన పిల్ల పనిమంతురాలు. చీటీలో ఉన్నది ఉన్నట్టు గీసింది.

పెళ్ళికూతురి తల్లి గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పార్లరు ఆవిడ ఊరుకోలేకపోయింది.

"అయ్యో తల్లీ, ఎవరమ్మా నీకిలా వేసింది? ఉన్న చెయ్యి కూడా లేకుండా చేశారు."

"వేసింది మా పార్లరు పిల్లండీ. చెప్పింది కోనక్క" అంది ఆ పిల్ల. గొంతు చాలా మర్యాదగా ఉంది. "అక్కా, మీరు చెప్పినట్టే వేయించుకున్నాను. ఒక్క పట్టీ కూడా తగ్గించలేదు. రంగు బాగా పండిందా?"

పార్లరు ఆవిడ కోనక్క వైపు తిరిగింది. "నువ్వా చెప్పావు?"

కోనక్క చేతుల్ని చూడలేదు, నన్ను చూసింది. "ఫోటో సరిగ్గా లేదు. ఈ టైలరు ఫోను చేతి మీదికి దించి తీసుంటాడు. దగ్గర్నుంచి తీస్తే వేళ్ళు బారుగా పడతాయి. ఎన్నిసార్లు చెప్పినా ఇంతే."

"అన్నా, ఆ ఫోటో ఉందా?" అంది ఆ పిల్ల నావైపు తిరక్కుండానే.

ఉంది. చెరిగిపోయిందని చెప్పొచ్చు. కోనక్క నన్ను చూస్తూనే ఉంది. పద్నాలుగేళ్ళలో నన్ను ఏదీ అడగని మనిషి, ఆ చూపుతో అడిగింది. కానీ నా పని తప్పని ముగ్గురు కస్టమర్ల ముందు అన్నది. నేను ఫోటో తీసి ఫోను బల్ల మీద పెట్టాను.

పార్లరు ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసింది. వేలితో టేపుని చూపించింది.

"టేపు పెట్టాడు కదే. అంకెలు కూడా కనబడుతున్నాయి. నడిమివేలు ఇంతే అని ఇక్కడే రాసుంది. మాకందరికీ ఈ టేపు పాఠం చెప్పింది నువ్వే." గొంతు తగ్గించింది. "నిజం చెప్పు. కన్ను కూడా మసకేసిందా నీకు? వయసొచ్చింది, మణికట్టు పోయింది, కన్ను పోతే పోయిందని చెప్పు. మేము అర్థం చేసుకుంటాం."

ఆ మాటలో ఆమెకి దారి ఉంది. అవునంటే సరిపోయేది. జాలిపడేవాళ్ళు, కళ్ళజోడు పెట్టించుకోమనేవాళ్ళు, నెలా రెండు నెలలు పోయాక మళ్ళీ ఫోటోలు వచ్చేవి. ఆ పిల్ల పంతం అక్కడే వీగిపోయేది. నేను చెక్క పట్టుకుని నిలబడి ఉన్నాను. అవునంటుందనే అనుకున్నాను.

కోనక్క ఫోను వెనక్కి నెట్టింది.

"కన్ను పోలేదు నాకు. ఫోటో పెట్టగానే గుర్తుపట్టాను, ఇది పొట్టివేళ్ళ చెయ్యని. దీనికి ఏం నప్పుతుందో నాకు తెలుసు. వేలికొక్క నిలువు తీగ, అరచేతిలో నిలువాకు, చేతి వెనక మణికట్టు బయటి పక్క నుంచి చూపుడువేలికి ఏటవాలుగా ఒక్క తీగ. స్లీవు అంచుకి నాలుగు వేళ్ళ దూరం కింద ఆపి, కొసలు ఆ అర్ధచంద్రాల మధ్య గుంటల వైపు లేచేలా చెయ్యాలి. అది తెలిసే ఇది చెప్పాను. చూపు తప్పి చెప్పలేదు."

ఆ పిల్ల కళ్ళు ఒక్కసారి బల్ల మీద తన చేతుల మీదికి వెళ్ళాయి, ఆ తీగలు ఎక్కడ పడేవో వెతుకుతున్నట్టు.

"నీ పెళ్ళి చేతులు నువ్వే పాడుచేసుకున్నావు" అంది కోనక్క ఆ పిల్లతో. "చదవగానే నీకు అర్థమైంది. అయినా వేయించుకున్నావు."

"ఆరేళ్ళపాటు మీరు పాడుచేశారు, ఇవాళ రంగు మాత్రం నేను వేయించుకున్నాను" అంది ఆ పిల్ల. "మీకు కన్ను పోలేదని నాకు తెలుసక్కా. అది వీళ్ళకి కూడా తెలియాలని వచ్చాను." తర్వాత నా వైపు తిరిగి, "అన్నా, వెనక రెండో హుక్కు బిగుతుగా ఉంది, కాస్త జరుపుతావా?" అంది.

నేను హుక్కు జరిపేలోపు పార్లరు ఆవిడ తన ఫోను సంచిలో వేసుకుంది. పెళ్ళికూతురి తల్లి కూతురి చెయ్యి పట్టుకుని, తాళం మర్చిపోయినట్టు ఏదో అని బయటికి నడిచింది. వెళ్తూ వెళ్తూ ఆ కూతురు తన చేతుల్ని చున్నీ కిందకి లాక్కుంది.

ఆదివారం పెళ్ళికి నేను వెళ్ళాను. ఆ పిల్ల చేతులు దాచుకోలేదు. ఫోటోగ్రాఫరు మూడుసార్లు చెప్పాడు, చేతులు కొంచెం వెనక్కి పెట్టుకోమని. వినలేదు. పెళ్ళికొడుకు మేనత్త పక్కావిడతో, "మొహం బాగానే ఉంది కానీ ఆ చేతులేంటే, రోకళ్ళలా" అనడం నేను విన్నాను. ఆ పిల్ల కూడా వింది. వచ్చినవాళ్ళల్లో ఈ పనిలో ఉన్నవాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. ఒక్కొక్కళ్ళూ దగ్గరికొచ్చి అడిగారు. ఒక్కొక్కళ్ళకీ అదే గొంతుతో, "కోనక్క చెప్పింది" అని చెప్పింది. ఆ రెండు మాటలు అంతకుముందు ఎన్నో పెళ్ళిళ్ళల్లో విన్నాను. ఆ రోజుతో ఆఖరు.

ఆ వారం కోనక్కకి ఒక్క ఫోటో వచ్చింది, మా షాపు సంగతి తెలియని ఎక్కడివాళ్ళదో. తర్వాతి వారం అదీ లేదు. గీత తప్పినవాళ్ళని ఈ పనిలో క్షమిస్తారు. తెలిసి తప్పు చెప్పిన మనిషి చేతిలో మాత్రం ఏ తల్లీ కూతుర్ని పెట్టదు. నెల తిరక్కుండా ఆమె బల్లలో సగం ఒక గాజులావిడకి ఇచ్చేసింది. మిగిలిన సగంలో కూచుని పార్లర్లకి కోన్లు చుడుతుంది. స్పర్శ లేని వేలితో కోను చుట్టడం కష్టం. సగం విప్పి మళ్ళీ చుడుతుంది. పొట్టివేళ్ళు పనిచేసే పార్లరు కూడా ఆమె దగ్గరే కొంటుంది. పాకెట్‌లో ఒకటి వదులుగా ఉన్నా మొత్తం వెనక్కి పంపుతారు.

నేను నా ఫోటోలు పొట్టివేళ్ళకి పంపడం మొదలుపెట్టాను. బాగానే చెప్తుంది. కానీ ఆ మధ్య ఒక ఫోటో తీశాను, గంట ఆకారపు స్లీవు, మణికట్టు దగ్గర బాగా వెడల్పు. చెయ్యి దించితే సగం అరచెయ్యి కనబడదు. పొట్టివేళ్ళు, "వేళ్ళ దాకా చాలు, పైన కనబడదు కదా" అంది. అది నాకు మింగుడుపడలేదు. కుట్టినవాణ్ణి, ఆ స్లీవు సంగతి నాకు తెలుసు. కాసేపు చూసి, లేచి నిలబడి ఫోను చెక్క పైనుంచి అందించాను.

కోనక్క చేతిలో కోను పక్కన పెట్టింది. దారం ఎక్కించేంత సేపు చూసింది.

"పెళ్ళిలో చెయ్యి దించుకుని ఎంతసేపుంటుంది? ఎత్తినప్పుడల్లా ఇది మోచేతి దాకా జారుతుంది. అప్పుడు కనబడేది లోపలి పక్క. ముంజేతి లోపలి పక్కంతా సన్నగా పైదాకా నడిపించు, బయటి పక్క వదిలెయ్యి. పిల్లవి బారు వేళ్ళు, అడ్డపట్టీలు వేసినా మోస్తాయి."

రాసుకున్నాను. ఆమె ఫోను ఇస్తూ అడిగింది.

"ఎవరు చెప్పారని చెప్తావు?"

నేను చీటీని కవరుకి పిన్ను పెట్టాను. ఆమె మళ్ళీ అడగలేదు.

ఆ పెళ్ళి అయ్యాక పెళ్ళికూతురి వదిన స్వీటు డబ్బాతో వచ్చింది. హాల్లో అందరూ ఆ చేతుల గురించే మాట్లాడారట. "టైలరు చెప్పాడంటే ఎవరూ నమ్మలేదు" అంది. నేను కాదనలేదు. అవతల మిషను చప్పుడేమీ ఉండదు కాబట్టి ప్రతి మాటా వినబడి ఉంటుంది. ప్లాస్టిక్ కాగితం చుడుతున్న చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

ఇప్పుడు వారానికి నాలుగు ఫోటోలు వస్తున్నాయి, నా పేరు మీద. ఎవరూ లేనప్పుడు ఒక్కొక్కటీ చెక్క పైనుంచి అందిస్తాను. ఎవరి చెయ్యి అని కోనక్క అడగదు. పక్కన టేపు ఉందా అని మాత్రం అడుగుతుంది.